ఔననీ కాదు, కాదనీ కాదు

శోభకు ఆ ఉద్యోగం రావాలని ఆమెకంటే ఆమె భర్త వెంకటేష్ ఎక్కువగా కోరుకున్నాడు. అతను మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక మండీలో గుమాస్తా. కాపురం పుంగనూరులో. శోభ కుప్పంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కౌన్సెలింగ్ కేంద్రంలో పనిచేస్తోంది. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వస్తుంది. నాలుగేళ్ల కూతురు మునీశ్వరి ఈమధ్య తల్లి రాగానే పరుగెత్తుకొచ్చి వాటేసుకోవడం మానేసింది. గుమ్మం దగ్గరే నిలబడి, "మళ్ళీ ఎప్పుడు పోతావు?" అని అడుగుతోంది.

మదనపల్లెలో ఒక ట్రస్టు నడిపే డిగ్రీ కాలేజీకి స్టూడెంట్ కౌన్సెలర్ కావాలని తెలిసినప్పుడు శోభ వెంటనే దరఖాస్తు పెట్టింది. పుంగనూరు నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. ఇంటర్వ్యూ రోజు వెంకటేష్ ఆమెను కాలేజీ గేటు దగ్గర దింపి, "నీకు రాని ప్రశ్న ఏముంటాది, పో" అని నవ్వి మార్కెట్‌కు వెళ్ళిపోయాడు.

గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కరస్పాండెంట్ గంగులప్ప. పుంగనూరులో సిమెంటు, ఇనుము వ్యాపారం ఆయనది. ఎడమవైపు ప్రిన్సిపాల్ వెంకటరత్నమ్మ. కుడివైపు కూర్చున్న డాక్టర్ మాలతి మానసిక వైద్యురాలు, బయటినుంచి పిలిపించిన నిపుణురాలు. ప్రశ్నలు ఎక్కువగా ఆమే అడిగింది.

"ఒక అబ్బాయి మీ దగ్గరికొచ్చి, 'నేను చెప్పేది ఎవరికీ చెప్పనని మాటివ్వండి' అంటాడు. ఇస్తారా?"

"ఇవ్వను మేడం. మాట ఇచ్చేసి తర్వాత తప్పితే ఆ పిల్లోడు ఇంక ఎవర్నీ నమ్మడు. మొదటి రోజే, వాళ్ళు నోరు తెరవకముందే చెప్తాను. ఇక్కడ మాట్లాడింది ఈ గది దాటదు, కానీ కొన్నిటికి దాటక తప్పదు అని. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే చెప్పాల్సి వస్తాది. పద్దెనిమిదేళ్ళు నిండని బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. కోర్టు ఆదేశిస్తే జవాబు చెప్పాలి. అట్లాంటప్పుడు కూడా అవసరమైనంత మటుకే, అవసరమైన వాళ్ళకే చెప్తాను. వీలైతే ముందు ఆ మనిషికే చెప్పి."

"చనిపోవాలని ఉందని అంటే?"

"తిన్నగా అడుగుతాను. చచ్చిపోవాలని అనుకుంటాండావా, ఎట్లా అనుకున్నావు, అది నీ చేతికి అందేచోట ఉందా అని. అడిగితే ఆ ఆలోచన పెరుగుతాదని చాలామంది భయపడతారు. పెరగదు మేడం. ఎవరో ఒకరు అడిగినారని బరువు తగ్గుతాది. ఒంటరిగా వదలను. వాళ్ళు నమ్మే మనిషిని పిలిపిస్తాను. ముప్పు దగ్గర్లో ఉంటే ఆస్పత్రికి వెంట పోతాను. కుదుటపడ్డాక ఇద్దరం కూర్చోని, మళ్ళీ అట్లా అనిపిస్తే మొదట ఏం చేయాల, ఎవరికి ఫోన్ చేయాల అని రాసిపెట్టుకుంటాం."

"మీది చిన్న ఊరు. మీ దగ్గరికొచ్చే పిల్లలు సంతలో ఎదురుపడతారు. పెళ్ళిళ్ళలో కలుస్తారు."

"నేను ముందు పలకరించను మేడం. వాళ్ళు పలకరిస్తే నవ్వుతాను, అంతే. బంధువుల బిడ్డల్నీ, బాగా తెలిసినవాళ్ళ బిడ్డల్నీ నేను చూడను, వేరేవాళ్ళ దగ్గరికి పంపుతాను. సొంత ఫోన్ నంబరు ఇవ్వను, కానుకలు తీసుకోను. కొందరు టమోటా బుట్ట తెచ్చి గుమ్మంలో పెట్టి పోతారు. తిప్పి పంపేటప్పుడు వాళ్ళ మనసు నొచ్చుకోకుండా చెప్పడమే కష్టం."

మాలతి నవ్వింది. వెంకటరత్నమ్మ తల ఊపుతూ ఏదో రాసుకుంది. ఉద్యోగం వచ్చినట్టేనని శోభకు అప్పుడే అనిపించింది.

అంతవరకూ మాట్లాడని గంగులప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"బాగా చెప్పినావమ్మా. మా పుంగనూరు బిడ్డవు, నాకు సంతోషం. ఇంగ నేనొకటి అడగతా. నువ్వు కుప్పంలో మూడేండ్లుగా ఉండావు గదా?"

"అవును సార్."

"బి.కొత్తకోట అమ్మాయి ఒకతి ఆడ చదివింది. ఉషారాణి. నీ దగ్గరికి వచ్చేదంట గదా?"

శోభ ఆయన ముఖంలోకి చూసింది. ఇది కూడా ప్రశ్నల్లో భాగమేమో అనుకుంది.

"ఎవరు వచ్చారో ఎవరు రాలేదో నేను చెప్పకూడదు సార్."

"ఊరికే అడగలేదమ్మా. మా ఇంటికి సంబంధం అనుకుంటాండాము. ఇదో, సూడు." జేబులోంచి ఫోన్ తీసి ఆమె ముందుకు జరిపాడు. పెళ్ళిచూపులనాటి ఫొటో. నీలం చీరలో ఒక అమ్మాయి. ఆ అమ్మాయిని శోభ ఎన్నడూ చూడలేదు. ఆమె పక్కన నిలబడిన అబ్బాయిని మాత్రం శోభ చూడగానే గుర్తుపట్టింది.

కిందటేడు ఆ అబ్బాయి కొన్ని నెలలపాటు కుప్పం కేంద్రానికి వచ్చాడు. పేరు వరుణ్ అని చెప్పాడు. ఏ ఊరో, ఎవరి కొడుకో చెప్పలేదు. తనను ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేని ఊరు కావాలని వెతుక్కుని అంతదూరం వచ్చానని మాత్రం చెప్పాడు. చనిపోవాలని ఉందా అని శోభ తిన్నగా అడిగినప్పుడు, అతను నేలకేసి చూస్తూ ఉందన్నాడు. ఆ సాయంత్రం అతని స్నేహితుడు ధనుష్ వచ్చేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు. తర్వాత డాక్టరు దగ్గరికి పంపడం, మందులు, వారం వారం మాటలు. మెల్లగా కోలుకున్నాడు.

"ఆ పక్కనుండేది మావాడు," అన్నాడు గంగులప్ప గర్వంగా. "బంగారమట్లా ఉంటాడు. వాడికి వచ్చే పిల్ల మనసు సరిగ్గా ఉండాదో లేదో తెలుసుకోవద్దా? ఏందో దిగులు జబ్బని ఎవరో సెవిలో వేసినారు. నువ్వు ఒక్క మాట చెప్తే సాలు."

శోభ ఫోన్‌ను వెనక్కి జరిపింది. ముఖంలో ఏమీ కనబడకుండా ఉండడానికి ఆమె పడిన అవస్థ ఆమెకే తెలుసు.

"నేను చెప్పలేను సార్."

"అంటే వచ్చింది."

"నేను చెప్పకపోవడం ఔననీ కాదు, కాదనీ కాదు. మీరు మా సొంత చెల్లెలి పేరు చెప్పి అడిగినా ఇదే మాట."

"రాలేదంటే రాలేదని చెప్పడానికి నీకేం కష్టమమ్మా?"

"ఈరోజు ఒకరి గురించి రాలేదని చెప్తే, రేపు ఇంకొకరి గురించి నేను నోరు మూసుకున్నప్పుడు అది వచ్చిందని చెప్పినట్టే అవుతాది సార్. అందుకే ఎవరి గురించీ ఏదీ చెప్పను. ఇందాక మేడం అడిగింది ఇదే కదా?"

మాలతి ముఖం ఎర్రబడింది. "గంగులప్పగారూ, ఈ ప్రశ్న మీరు అడగకూడదు. ఇంటర్వ్యూ పేరు పెట్టి పిలిచి మీ ఇంటి సంబంధం విచారిస్తున్నారా? ఈమె జవాబిచ్చి ఉంటే నేనే ఈమెను వద్దనేదాన్ని."

గంగులప్ప పెద్దగా నవ్వాడు. "అయ్యో మేడం, పరీక్ష పెట్టినా! గట్టిదో కాదో సూడద్దా? పాసైంది పో."

శోభ నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఆయనే వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"ఆ డాక్టరమ్మ ముందర చెప్పలేవులే, నాకు తెలుసు. నోటితో చెప్పద్దు. తల ఊపు. అడ్డంగానో నిలువుగానో. ఆర్డరు రేపు పొద్దున్నే నీ చేతిలో ఉంటాది."

పరీక్ష కాదన్నమాట. మీ బంగారం నా ముందు కూర్చుని ఎట్లా ఏడ్చాడో తెలుసా అని అరవాలనిపించింది. ఒక్క మాట చాలు, ఈ మనిషి గర్వం ఈ మెట్లమీదే కూలిపోతుంది. కానీ ఆ మాట ఆమెది కాదు. అది వరుణ్‌ది.

"నేను ఆ అమ్మాయి గురించి మీకు ఏమీ చెప్పలేదు సార్. రేపు ఎవరితోనైనా నేను చెప్పినానని అంటే అది అబద్ధం." తల కదపకుండా, ఆయన కళ్ళలోకి చూస్తూ అంది. కదపకుండా ఉండడమే కష్టమైంది.

"పొగరు బాగా ఉండాదే," అంటూ ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వెంకటేష్ అడిగాడు. "ఎట్లా జరిగింది?"

"ప్రశ్నలు బాగానే చెప్పినా. ఉద్యోగం రాదు."

"బాగా చెప్తే రాకపోవడమేంది?"

"అడగద్దప్పా. చెప్పేది కాదు."

అతను ఆమె చేతుల్లోని గిన్నె అందుకుని తనే తోమసాగాడు. ఇంకేమీ అడగలేదు. అడగనందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

సోమవారం కుప్పం వెళ్ళగానే కేంద్రం పెద్ద అమరావతికి, ఎవరి పేరూ ఎత్తకుండా, జరిగింది చెప్పింది. "నువ్వు చేసింది సరే," అంది అమరావతి. "ఆయన దాన్ని ఔనని ప్రచారం చేస్తే మటుకు ఊరుకోవద్దు. మా కేంద్రం ఎవరి గురించీ ఏమీ చెప్పలేదని, చెప్పదని ఆ ప్రిన్సిపాల్‌కు నేను ఫోన్ చేస్తా." చేసింది కూడా. వెంకటరత్నమ్మ విని, మొహమాటంగా నసిగి, పోస్టు ఇంకెవరికో ఇచ్చారని చెప్పి పెట్టేసింది. మాలతి మాత్రం ఇకమీదట ఆ కాలేజీ ఇంటర్వ్యూలకు రానని రాసిచ్చి వచ్చేసిందని తర్వాత తెలిసింది.

శోభ భయపడిందే జరిగింది. ఆ శనివారం పుంగనూరులో పక్కింటి రెడ్డెమ్మ గోడమీదనుంచి అడిగింది.

"ఏం శోభా, బి.కొత్తకోట శెనక్కాయల యాపారి బిడ్డ మెంటల్ డాక్టర్ల సుట్టూ తిరగతాందంట గదా? గంగులప్పోళ్ళు సంబంధం వదులుకున్నారంట. నీ దగ్గరికే వచ్చిందంటాండారు?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటాండారు. ఆయన అడిగితే నువ్వు కాదనలేదంట."

శోభ చేతిలోని బకెట్టు కింద పెట్టింది. ఆ అమ్మాయిని నేను ఎప్పుడూ చూడలేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజం. పైగా ఆ అమ్మాయికి మేలు చేసే నిజం. చెబితే తప్పేముంది? కానీ రేపు ఇదే గోడమీదనుంచి రెడ్డెమ్మ వరుణ్ పేరు ఎత్తితే అప్పుడేం చెయ్యాలి? కాదని అబద్ధమాడాలా, మౌనంగా ఉండి పట్టివ్వాలా?

"నేను ఎవరి గురించీ ఔననలేదు, కాదనలేదు. నువ్వడిగినా అంతే," అంది. ఆపుకోలేక గొంతు పెరిగింది. "అయినా అక్కా, కడుపునొప్పొస్తే డాక్టరు దగ్గరికి పోతే ఎవరూ ఏమీ అనరు. మనసుకు నొప్పొస్తే పోయినవాళ్ళకు పెళ్ళి కాకూడదా? అసలు పోయినారో లేదో కూడా తెలీదు, ఆడపిల్ల పేరు పట్టుకోని ఊరూరా తిప్పుతాండారే, సిగ్గుండాదా?"

రెడ్డెమ్మ బిత్తరపోయి చూసింది. "నన్ను అంటావేందమ్మా, నేను విన్నదే చెప్పినా," అంటూ గోడ దిగిపోయింది.

ఆ రాత్రి శోభకు అన్నం సయించలేదు. మొగవాడి ఇంటి గురించి ఎవరూ అడగరు. అడిగే హక్కు, తేల్చే హక్కు, వదిలేసే హక్కు అన్నీ ఒకవైపే. తన మౌనాన్ని ఎత్తుకెళ్ళి, దానికి తనకు కావలసిన అర్థం తొడిగి, ముక్కూ మొహం తెలియని అమ్మాయి మీద విసిరాడు ఆ మనిషి. తన వృత్తి ధర్మం ఇంకొకరిని కొట్టే రాయి అయింది. అది ఆమె భరించలేకపోయింది.

మరుసటి వారం కేంద్రం ఫోన్ మోగింది. గొంతు వినగానే గుర్తుపట్టింది.

"మేడం, వరుణ్. బాగుండారా?"

"చెప్పండి వరుణ్. మీరెట్లా ఉండారు?"

"బాగుండాను. మందులు డాక్టరు తగ్గించినారు. మా నాయిన మిమ్మల్ని ఇంటర్వ్యూలో ఉషారాణి గురించి అడిగినాడంట. మీరు జవాబు చెప్పలేదని, అందుకని సంబంధం వద్దన్నాడు. మేడం, ఆయమ్మి మీ దగ్గరికి వచ్చిందా?"

"ఆ ప్రశ్నకు ఎవరడిగినా నాది ఒకటే జవాబు వరుణ్. చెప్పను."

"అంటే... నా గురించి కూడా మీరు ఆయనకు చెప్పలేదు. ఆయన ఎదురుగా కూర్చోని ఉండి కూడా."

"మీరు నాతో మాట్లాడింది మీది."

"నా మూలాన ఆ పిల్ల పేరు చెడిపోయింది మేడం."

"మీ మూలాన కాదు. అడగకూడనిది అడిగినవాళ్ళ మూలాన." ఆమె గొంతులో కోపం వినబడింది. తమాయించుకుంది. "ఇదంతా జరుగుతాంటే మీకు ఎట్లా ఉండాది? మళ్ళీ అప్పటి మాదిరి ఆలోచనలు వస్తాండాయా? చచ్చిపోవాలని?"

"లేదు మేడం. కోపం వస్తాంది. నేను మా నాయినకు చెప్పేస్తా. వచ్చింది నేనేనని."

శోభ వెంటనే ఔననలేదు. అతను చెబితే తన మీద పడిన నింద పోతుంది, ఆ అమ్మాయి మీదిది కూడా. అందుకే జాగ్రత్తగా మాట్లాడింది.

"చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం వరుణ్. నాకోసం మటుకు చెప్పద్దండి. చెప్పాలనుకుంటే, ఎప్పుడు చెప్తే మీకు బాగుంటాది, ఆయన అరిస్తే ఏం చేస్తారు, పక్కన ఎవరుంటారు, ఇవి ఆలోచించుకోని చెప్పండి."

"ధనుష్‌ను పిల్చుకుంటా. ఆ పొద్దు వాడే గదా వచ్చింది."

"మంచిది. అయినాక ఎట్లా ఉండారో నాకు కాకపోయినా మీ డాక్టరుకు చెప్పండి."

కొద్దిరోజులకు గంగులప్ప కుప్పం వచ్చాడు. కేంద్రంలో మనుషులున్నారని కూడా చూడకుండా తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"నా కొడుకు నీ దగ్గరికి వచ్చినాడు! నేను నీ ఎదురుగా ఫొటో పెట్టి సూపిస్తే, రాయి మాదిరి కూర్చున్నావే! ఒక్క మాట చెప్పుంటే నేను ఇంత తప్పు చేసేవాణ్ణా?"

శోభ లేచి నిలబడింది. "ఎవరొచ్చారో ఎవరు రాలేదో అప్పుడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను."

"వాడే చెప్పినాడమ్మా! వాడి నోటితోనే!"

"అయితే అది మీ ఇద్దరి మధ్య మాట. నన్ను కలపొద్దు." ఇన్నాళ్ళు మింగిన కోపం ఇక ఆగలేదు. "నేను చెప్పలేదని తప్పు నా మీద వేస్తాండారా? చెప్పనని మీ ముఖాన చెప్పినా. చెప్పనిదాన్ని ఔనని ఊరంతా తిప్పింది మీరు. ఆ బిడ్డ వచ్చిందనుకోండి, రాలేదనుకోండి, వచ్చుంటే మటుకు ఆమె చేసిన నేరమేంది? మీ కాలేజీలో అంతమంది పిల్లలుండారు. కౌన్సెలర్‌ను పెట్టేది పిల్లలు వచ్చి మనసు విప్పుకుంటారనా, విప్పింది మీరు వినొచ్చుననా?"

గంగులప్ప ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

"బి.కొత్తకోటకు పోయినా," అన్నాడు. "తప్పయింది, పిల్లను ఇయ్యండని అడిగినా. వాళ్ళ నాయిన మెత్తబడినాడు. ఆ పిల్లే బయటికి వచ్చింది. 'మా ఇల్లు విచారించినారు, సరే. నా మనసును దొంగతనంగా విచారించినారు. వరుణ్ నాకు ఫోన్ చేసి అంతా చెప్పినాడు, ఆయన మీద నాకు కోపం లేదు. మీ ఇంటికి మటుకు రాను' అనింది. నీళ్ళిచ్చి మరీ చెప్పింది."

శోభకు ఆ తెలియని అమ్మాయి మీద గౌరవం కలిగింది.

గంగులప్ప కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "చచ్చిపోవాలనుకున్నానని చెప్పినాడమ్మా నా కొడుకు. ఒకే ఇంట్లో ఉండాము. ఒకే పంక్తిలో కూర్చోని తింటాము. రాత్రులు నిద్ర పట్టల్యా. లేచి పోయి వాడి గది తలుపు దగ్గర నిలబడతాండా. లోపల ఊపిరి వినపడతాదా అని. వాడు నిజంగా అట్లా... ఎట్లా చేద్దామనుకున్నాడు? నీతో ఏం చెప్పినాడు?"

మళ్ళీ అదే ప్రశ్న. అయితే ఇప్పుడు అడుగుతున్నది కరస్పాండెంట్ కాదు. శోభ కూర్చుంది. గ్లాసులో నీళ్ళు పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన తాగేదాకా ఆగింది.

"ఆ జవాబు నేను చెప్పేది కాదప్పా. ఎవరిదో ఒకరి బిడ్డ ఇట్లా అన్నాడని ఏ తండ్రి వచ్చినా చెప్పేది చెప్తా, వినండి. తలుపు దగ్గర నిలబడద్దు. లోపలికి పోయి కూర్చోండి. ఇప్పుడెట్లా ఉండాది, మళ్ళీ అట్లా అనిపిస్తాందా అని తిన్నగా అడగండి. నీకేం తక్కువ చేసినామని మటుకు అనద్దు. ఏడిస్తే ఏడవనీండి. మందులు వాడుతుంటే డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. భయమేసిన రాత్రి ఫోన్లో ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు కొట్టండి. టెలీ మానస్ అంటారు, గవర్నమెంటుదే, ఏ సమయంలోనైనా తెలుగులో మాట్లాడతారు."

"నువ్వే వాడితో మాట్లాడు. నాతో కూడా. ఆ ఉద్యోగం నీకే ఇస్తా. ఉండే ఆమెను తీసేసి..."

"ఆమెను తీసేయడానికి ఆమె చేసిందేంది?" శోభ గొంతు మళ్ళీ గట్టిపడింది. "ఆ ఉద్యోగం నాకు కావాలప్పా. నా బిడ్డ పుంగనూరులో ఉంది. అయినా మీ చేతికింద నేను పనిచేయకూడదు, మిమ్మల్ని నేను చూడకూడదు. ఇంత జరిగినాక అది సరికాదు. మాలతి మేడం దగ్గరికి పోండి. మీకోసం పోండి. రాత్రి నిద్ర లేకుండా ఉండేది మీరు కూడా."

"ఆయమ్మ నన్ను రానిస్తాదా?"

"రానిస్తుంది. కోపం ఒకటి, వైద్యం ఒకటి. ఇంకొకటి. కొత్తగా వచ్చిన కౌన్సెలర్ గదిలోకి మీరు గానీ ప్రిన్సిపాల్ గానీ పేర్లు అడగడానికి పోవద్దు. ఆ మాట పిల్లలందరి ముందర మీరే చెప్పండి. సంబంధం ఎందుకు వదులుకున్నారో ఊరంతా చెప్పినారు గదా. ఆ బిడ్డ గురించి కుప్పంలో ఎవరూ మీకు ఏమీ చెప్పలేదనే సంగతి కూడా అంతమందికీ చెప్పండి. ఇంటింటికీ పోయి చెప్పండి."

ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. గుమ్మం దాటి మెట్లు దిగాడు.

ఆయన చెప్పాడో లేదో శోభకు తెలియలేదు. కొంతకాలానికి మాలతి ఫోన్ చేసి, మదనపల్లెలో తన ఆస్పత్రికి ఒక కౌన్సెలర్ కావాలని, దరఖాస్తు పెట్టమని చెప్పింది. "తప్పకుండా వస్తుందని చెప్పలేను. నలుగురితో పాటు నిన్నూ పిలుస్తారు," అంది. పెడతానంది శోభ. ఆ సంగతి విని వెంకటేష్, "మళ్ళీ ఇంటర్వ్యూనా?" అని తల పట్టుకున్నాడు.

ఆరోజు మాత్రం గంగులప్ప వెళ్ళాక కూడా ఆమెకు కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా అనుకోలేదు. వరండాలో ఒక పెద్దామె కోడల్ని వెంటబెట్టుకుని ఎదురుచూస్తోంది. శోభ ముఖం కడుక్కుని వచ్చి, కోడలిని మాత్రం లోపలికి పిలిచి, తలుపు వేసింది.